అమావాస్య నాటి వాయిదా

మా ఆయన మంచోడు. మెచ్చుకుంట చెప్తలేను, కడుపు మండి చెప్తున్న. మంచోన్ని కట్టుకున్నదానికే తెలుస్తది ఆ బాధ. ఎవడేం చెప్పినా నమ్ముతడు. వాడు నవ్వుకుంట చెప్తే ఇంకా జల్ది నమ్ముతడు.

ఆయన పేరు పోచన్న. ఆర్మూర్ మార్కెట్ యార్డుల దడ్వాయి. అంటే రైతు తెచ్చిన పసుపు బస్తాను కాంటా మీద తూచి, తూకం చీటి రాసిచ్చేటోడు. ఊకె కూసోని తూచేదుండది. మార్కెట్ కమిటీ లైసెన్స్ ఇయ్యాలె. రైతుకు, సేటుకు నడుమ నిలవడేటోడు గాబట్టి ఇద్దరూ వాని మాట నమ్మాలె. మా ఆయన తూకమంటే ఆలూర్ రైతులు చీటి గూడ చూడకుంట జేబుల పెట్టుకునేటోళ్లు. నేను గదే యార్డుల పసుపు ఏరే పనికి పోతుంటి. "పోచన్న పెండ్లాం" అంటే నాకు గుడ్డ పరిచి కూసోమనేటోళ్లు.

రెండువేల నాలుగు పసుపు సీజన్ల మా ఇంటి మీద పిడుగు వడ్డది.

ఆలూర్ గంగాకిషన్ అనే రైతు, కమీషన్ ఏజెంటు భూమేశ్వర్ సేటు దుకాణంల పసుపు అమ్మిండు. చీటిల తూకం తక్కువొచ్చింది. ఆయన ఇంటికాడ తూచుకోని వచ్చిన మనిషి, ఊకుంటడా? లొల్లి లొల్లి చేసిండు. మార్కెట్ ఆఫీసోళ్లు ఉరికొచ్చిన్రు. సేటు ఏం అనాలె? "నాకేం తెల్వది, తూచింది దడ్వాయి పోచన్న, చీటి గూడ ఆయన పుస్తకంలదే" అన్నడు. పచ్చి అబద్ధం. గా యాళ్లకు మా ఆయన పక్క దుకాణంల తూస్తున్నడు. దడ్వాయిలందరు చీటీల పుస్తకం ఒక దుకాణంల పెట్టి ఇంకో దుకాణానికి పోతుంటరు, గది యార్డుల అలవాటు. సేటు బామ్మర్ది కాంటా మీద నిలవడి తూచి, మా ఆయన పుస్తకంల చీటి రాసిండు. బస్తాలు ఎత్తిన హమాలోళ్లందరు కండ్లార చూసిన్రు. ఒక్కడన్న నోరిప్పిండా? ఇప్పలె.

లైసెన్స్ సస్పెండ్ చేసిన్రు. "విచారణకు హాజరు కావలెను, హాజరు కానిచో ఉన్న ఆధారాలను బట్టి నిర్ణయం తీసుకొనబడును" అని నోటీసు వచ్చింది. నిర్ణయం అంటే ఏంది? లైసెన్స్ రద్దు. ఒక్కసారి తూకంల దొంగ అని లైసెన్స్ పోయినోనికి మల్ల ఏ యార్డుల కాంటా ముట్టనిస్తరు? నిజామాబాద్‌ల ఇయ్యరు, జగిత్యాలల ఇయ్యరు. మనిషి బతికుండంగనే మాట సచ్చిపోతది.

నోటీసుల రాసిన తారీఖు అమావాస్య. అమావాస్య నాడు మా యార్డు బంద్. పసుపుకు వేలం పాడే బీటు ఉండది, కాంటా ఉండది, గేటుకు తాళం. మేము చర్చికి పోయేటోళ్లం, తిథులతోని పని లేదు; కని మా పెండ్లి అయిన కాడికెంచి అమావాస్య అంటే మాకు తలకు పోసుకునే రోజు, బట్టలు ఉతుక్కునే రోజు. నోటీసు పట్టుకోని మా ఆయన పోయి ఎవలను అడిగిండు? భూమేశ్వర్ సేటునే అడిగిండు! పామును పిలిచి దారి అడిగినట్టు.

"సేటు, గా దినం అమావాస్య గద, ఆఫీసు ఉంటదా?" అన్నడట.

"ఏం ఉంటది పోచన్న, అంత బందే. తారీఖు చూడకుంట రాసినట్టున్నరు. తెల్లారి పో, నేను గూడ వస్త" అన్నడట సేటు. చాయ్ గూడ తాపిచ్చిండట.

మా ఆయన నమ్మిండు. ఆయన చెప్తే నేను నమ్మిన. యార్డు బంద్ అంటే ఆఫీసు బంద్ అనే మాకు తెలుసు. అమావాస్య సెలవు హమాలోళ్లది, సేట్లది. గవర్నమెంటు ఆఫీసుకు అమావాస్య ఏంది, పున్నమ ఏంది? ఆదివారం తప్ప వాళ్లకు ఇంకో తిథి లేదు. గది మాకెవలు చెప్పాలె?

తెల్లారి అంగి ఇస్త్రీ చేసుకోని పోయిండు. పోయినంత సేపు పట్టలె, మల్ల ఇంటికొచ్చిండు. మొఖం సున్నం కొట్టినట్టున్నది. గడప మీద కూసున్నడు.

"ఏమైందయ్యా?"

"నిన్న విచారణ అయిపోయిందట ఆశమ్మ. సేటు వచ్చి, నేనే తక్కువ తూచిన్నని చెప్పి, సంతకం పెట్టి పోయిండట. నేను రాలేదని రాసుకున్నరట. అటెండర్ భూమయ్య చెప్పిండు."

నా ఒంట్ల రక్తం సలసల మసిలింది. చెప్పులు గూడ ఏసుకోలె. ఆ దుకాణం కాడికి నేను ఎట్ల పోయిన్నో నాకే తెల్వది. సేటు గద్దె మీద కూసోని పాన్ నములుతున్నడు. శుక్రవారం సాంబ్రాణి పొగ ఎయ్యకుంటే తాళం తియ్యనోడు, అమావాస్య నాడు గోరు గూడ తీసుకోనోడు, అమావాస్య నాడే పోయి అబద్ధం మీద సంతకం పెట్టి వచ్చిండు.

"సేటు! నీ నోట్ల మన్ను వడ! ఆఫీసు బంద్ అని చెప్పి నువ్వు పోయినవా?" అని యార్డంత వినవడేటట్టు ఒర్రిన.

వాడు లేవలె. నవ్విండు. "మార్కెట్ బంద్ అన్న ఆశమ్మ. ఆఫీసు బంద్ అన్ననా? నోటీసుల తారీఖు ఉన్నది, నీ మొగనికి చదువొస్తది. రావాలని ఉంటే వస్తుండె. తప్పు చేసినోడు ఎందుకొస్తడు?"

చుట్టూ హమాలోళ్లు నిలవడ్డరు. గంగాదాసు, వాళ్ల ముఠా మేస్త్రి, నెత్తి రుమాలు సదురుకుంట నేల చూస్తున్నడు. ఒక్కని మొఖం గూడ లేవలె. గా చూపు నేను మరిచిపోలె. సేటు నవ్వు గూడ మరిచిపోలె. వీని నవ్వు వీని మొఖం మీదనే ఎండిపోవాలె, లేకుంటే నేను ఆశమ్మనే గాదు అనుకున్న.

మా తమ్ముడు సుకుమార్ తహసీల్ ఆఫీసు ముందట టైపు మిషన్ పెట్టుకోని అర్జీలు రాస్తడు. మా ఆయనను పట్టుకోని పోయి గాడ కూసోబెట్టిన.

"తమ్మీ, రాయి. భూమేశ్వర్ అనేటోడు దొంగ, వాని బామ్మర్ది దొంగ, వాని వంశంల..."

"ఆగక్క, ఆగు" అన్నడు. "ఇది తిట్ల కాగితం గాదు. ముందుగాల ఆర్డర్ రాకుంట ఆపాలె. రాలేకపోయినందుకు క్షమించున్రి, గీ కారణం వల్ల రాలేదు, మల్లొక తారీఖు ఇయ్యిన్రి. గంతే అడగాలె."

"క్షమించాల్నా? ఎవలను ఎవలు? మోసపోయింది మేము!"

"సేటును గాదక్క అడిగేది, విచారణ చేసే సెక్రటరీని. ఆయన కూసోని ఎదురుచూసిండు. బావ పోలె. ఆయన కాడ తప్పు మనదే."

నేను మొఖం తిప్పుకున్న. మా ఆయన మాత్రం తలూపి, "నిజమే, సార్‌ది తప్పు లేదు" అన్నడు. ఈయనొకడు!

సేటు మోసం చేసిండని రాయమన్న. తమ్ముడు వద్దన్నడు. "సాక్ష్యం లేకుంట రాస్తే, రాలేనోడు సాకు చెప్తున్నడు అనుకుంటరు. అది విచారణల చెప్పు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాద్దాం" అన్నడు. టకటక కొట్టి సదివిండు:

"మార్కెట్ కమిటీ కార్యదర్శి గారికి, దడ్వాయి పోచన్న నమస్కరించి వ్రాసుకొను విన్నపము. తమరి నోటీసు నాకు అందినది. విచారణ తేదీ అమావాస్య అయినందున యార్డుకు సెలవు ఉండుటచే, కార్యాలయమునకు కూడా సెలవు అని పొరపాటుగా భావించి హాజరు కాలేకపోతిని. ఇందులో తమరి ఆదేశమును ధిక్కరించు ఉద్దేశము ఎంతమాత్రమూ లేదు. నా పొరపాటునకు క్షమించగలరు. నేను లేనప్పుడు నమోదు చేసిన వాంగ్మూలము నకలు ఇప్పించి, దయతో మరియొక తేదీ నిర్ణయించి, నా వాదన, నా సాక్షులను వినువరకు తుది ఉత్తర్వులు ఇవ్వవద్దని, ఆ రోజు ఏజెంటు భూమేశ్వర్ గారిని నేను ప్రశ్నించుటకు వీలుగా పిలిపించవలెనని ప్రార్థన."

"ఇగ సాక్షులెవరో చెప్పక్క" అన్నడు.

"హమాలోళ్లు. కని వస్తరా? ఒక్కడు పని ఇడిసిపెట్టి ఆఫీసుకు పోతే సేటుకు చిటికెల తెలుస్తది. తెల్లారి వానికి బస్తా ఇయ్యరు. ఆ భయానికే గద నోరు కుట్టుకున్నరు."

గప్పుడు నాకు తట్టింది. ఎట్ల తట్టిందో గని, కోపం ఉన్నోని బుర్ర మస్తు పని చేస్తది.

"తమ్మీ, తారీఖు మల్ల అమావాస్య నాడే ఇయ్యుమని రాయి."

మా ఆయన ఉలిక్కిపడ్డడు. "నీకు పిచ్చి పట్టిందా?"

"పట్టలె. గా దినం యార్డు బంద్. ముఠా ముఠా ఖాళీగ ఉంటది. పని ఇడిసిపెట్టి పోయిన్రు అనే మాటే ఉండది. ఒక్కడు వస్తే తీసేస్తడు. అందరొస్తే సీజన్ల అందర్ని తీసేసి బస్తాలు వాడు మోస్తడా, వాని బామ్మర్ది మోస్తడా? ఇంగ వాడు అమావాస్య అని రాకుంట ఉంటే, మొన్న ఎట్ల వచ్చినవ్ అని అడగనియ్యి సార్‌ను."

సుకుమార్ మిషన్ మీద చేతులు పెట్టి నా దిక్కు చూసిండు. పకపక నవ్విండు. "అక్కా, నిన్ను వకీలు చేయకుంట నాయిన తప్పు చేసిండు" అన్నడు. "తారీఖు పెట్టేది వాళ్లు. మనం అడగొచ్చు గంతే. రాస్త." సాక్షులు హమాలీలు, యార్డు సెలవు దినమే రాగలరు అని ఒక ముక్క కలిపిండు.

రెండు కాపీలు తీసిండు. మా ఆయన సంతకం పెట్టిండు. క్షమించగలరు అనే మాట కింద ఆయన పేరు చూస్తే నాకు కండ్లల నీళ్లు తిరిగినయ్. తప్పు చేయనోడు తల వంచిండు. ఈ వంగిన తలకు బదులు ఇంకో తల వంగాలె, గప్పటిదాంక నాకు నిద్ర లేదు.

ఆఫీసుల ఒక కాపీ తీసుకోని, రెండో దాని మీద ముద్ర ఏసి ఇచ్చిన్రు. సెక్రటరీ సార్ నడీడు మనిషి, అద్దాలు పైకి పెట్టుకోని సదివిండు. "అమావాస్య అని రాలేదంటవు, మల్ల అమావాస్యే అడుగుతవు?" అన్నడు. మా ఆయన, "హమాలోళ్లు గప్పుడే వస్తరు సార్" అన్నడు. సార్ గోడకున్న క్యాలెండర్ చూసిండు. "సరే, నిన్ను పిలవకుంట ఏ ఆర్డరూ ఇయ్య. ఇది ఆఖరు. ఈసారి రాకపోతే మల్ల కాగితం తేవొద్దు" అన్నడు. ఇద్దరికీ కొత్త నోటీసులు పోయినయ్. తారీఖు ఉగాది ముంగటి అమావాస్య.

ఆ నడుమ దినాలు ఎట్ల పోయినయో చెప్ప. కాంటా ముట్టే చెయ్యి ఆలూర్‌ల పసుపు ఉడకబెట్టే కాడ కట్టెలు ఎగేసింది. ఊర్ల ఒకామె నన్ను చూసి, "మీ ఆయనేనా గా తూకం పోచన్న?" అని పక్కామెతోని గుసగుసలాడింది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకోని ఏడ్చిన. ఏడుపు అయిపోయినంక లేచి గంగాదాసు ఇంటికి పోయిన.

గంగాదాసు ఇంట్ల లేడు. వాని పెండ్లాం లక్ష్మవ్వ ఉన్నది. నాతోని పసుపు ఏరే మనిషే.

"లక్ష్మవ్వా, నీ మొగడు గా దినం బస్తా ఎత్తిండా లేదా?"

"ఎత్తిండు."

"కాంటా మీద ఎవలున్నరు?"

ఆమె వాకిట్ల చీపురు పట్టుకోని ఊడ్చిన జాగే మల్ల ఊడ్చింది.

"ఇయ్యాల మా ఆయన పుస్తకం. రేపు బస్తాల పసుపు తక్కువొస్తే హమాలోడు తీసిండు అంటడు సేటు. గప్పుడు నీ మొగనికి ఎవలు సాక్ష్యం చెప్తరు? మేము చెప్తమా? చెప్పం. ఒట్టు పెట్టి చెప్తున్న, నోరు తెరువం." ఈ మాట అన్నంక నాకు హాయిగున్నది. అబద్ధం చెప్ప, గా యాళ్ల లక్ష్మవ్వ మొఖం మాడిపోతే నాకు కడుపు నిండింది.

ఆమె చీపురు పక్కకు ఇసిరింది. "వాడు రాకుంటే నేనొస్త పో" అన్నది.

వాడు వచ్చిండు. అమావాస్య పొద్దున, గేటుకు తాళమేసిన యార్డు పక్కకెంచి, తలకు పోసుకోని, తెల్లంగిలు ఏసుకోని ముఠా ముఠా నడిచొచ్చింది. గంగాదాసు ముందట, లక్ష్మవ్వ ఎన్క. ఆలూర్ నుంచి గంగాకిషన్ గూడ బస్సు దిగి వచ్చిండు. ఆఫీసు వరండాల జాగ సాలలె. మా ఆయన అందరికీ దండం పెట్టుడే పెట్టుడు.

పదకొండయింది. సేటు రాలె. వాని గుమాస్తా ఒక కవరు తెచ్చి సార్ టేబుల్ మీద పెట్టిండు. సార్ చింపి బయటకే సదివిండు: "అమావాస్య సందర్భంగా ఇంట్లో పూజా కార్యక్రమము ఉన్నందున హాజరు కాలేను. ఉగాది తర్వాత వేరొక తేదీ ఇయ్యవలెను."

వరండాల ఎవలో కిసుక్కున నవ్విన్రు. సార్ నవ్వలె. కాగితం కింద పెట్టి మా ఆయన దిక్కు చూసిండు. "పోచన్నా, నీకు ఒక తారీఖు ఇచ్చిన. ఆయన గూడ అడుగుతున్నడు. నీ అభ్యంతరం ఏమన్న ఉన్నదా?"

నాకు తెలుసు మా ఆయన ఏమంటడో. నోరు తెరుస్తున్నడు. "ఇయ్యిన్రి సార్, పాపం" అనే మాట పెదవుల మీదికి వచ్చింది, నాకు కనవడ్డది. నేను వాకిలి కాడికెంచి లోపలికి దునికిన.

"ఉన్నది సార్, అభ్యంతరం ఉన్నది!"

"నువ్వెవరమ్మా?"

"ఆయన పెండ్లాన్ని సార్. మా ఆయన ఇచ్చిన కాగితం మీ ఫైల్ల ఉన్నది, తీసి చూడున్రి. రానందుకు మీ కాళ్లు మొక్కినట్టు క్షమించుమని రాసిండు. తెలువక తప్పు చేసిండు, తప్పు అని ఒప్పుకున్నడు. సేటుకు తెలువదా ఆఫీసు ఉంటదని? పోయిన అమావాస్యకు పూజ లేదు, ఈ అమావాస్యకు వచ్చిందా? ఇంగ ఆ కాగితంల క్షమించుమనే మాట ఎక్కడున్నది సార్? 'ఇయ్యవలెను' అట! మీకు హుకుం రాసిండు. గీ మనుషులు ఉగాది దాటి బీటు మొదలైతే మల్ల దొరుకరు. వీళ్లు వచ్చిన్రు, వీళ్ల మాట వినున్రి. వాడు వస్తనన్న దినం వాని మాట వినున్రి."

 సార్ అద్దాలు తీసి తుడుసుకున్నడు. కాగితం మల్ల ఒకసారి కింద నుంచి మీద దాంక చూసిండు. నిజంగనే ఆ మాట లేదు. అటెండర్ భూమయ్యను పిలిచి, "గంగాదాసును రమ్మను" అన్నడు.

ఒకరి ఎన్క ఒకరు చెప్పిన్రు. కాంటా మీద ఉన్నది సేటు బామ్మర్ది. పోచన్న పక్క దుకాణంల ఉన్నడు. గా దినం మా ఆయన తూస్తున్న పక్క దుకాణం సేటు గూడ వచ్చి అవునన్నడు. లక్ష్మవ్వ పిలువకుంటనే లోపలికొచ్చి, "నేను గూడ చూసిన సార్, రాసుకోండ్రి" అన్నది. సార్ అన్ని రాయించి, సదివించి, సంతకాలు, ఏలిముద్రలు తీసుకున్నడు. పిలిచినా రాని మనిషి వాంగ్మూలాన్ని ప్రశ్నించే వీలు లేకపోయింది గాబట్టి దాన్ని లెక్కలకు తీసుకోనని చెప్పిండు.

నాలుగు దినాలకు ఆర్డర్ వచ్చింది. సస్పెండ్ ఎత్తేసి పోచన్న లైసెన్స్ మల్ల ఇచ్చిన్రు. పుస్తకం ఇంకో దుకాణంల పెట్టి పోవద్దని గట్టిగ చెప్పిన్రు, అది నిజమే. అదే దినం భూమేశ్వర్ సేటుకు షోకాజ్ నోటీసు పోయింది, నీ ఏజెంటు లైసెన్స్ ఎందుకు రద్దు చేయొద్దో చెప్పుమని. విచారణ అయ్యేదాంక దుకాణంల కొనుగోలు బంద్. పసుపు యార్డు నిండ కుప్పలు పోస్తున్నరు, వాని గద్దె మీద ఈగలు ముసురుతున్నయ్. నేను ఏరే పని అయినంక కావాల్నని ఆ దుకాణం ముందటికెంచే ఇంటికి పోతుంటి. రోజూ పోయిన. ఒక్క దినం గూడ మానలె.

ఒకనాడు పొద్దుగూకంగ సేటు మా వాకిట్లకు వచ్చిండు. గొంతు మారింది. "చెల్లె ఆశమ్మ, పోచన్నకు జర చెప్పు. నా బామ్మర్ది చేసిండు, నాకు తెల్వదని సార్ ముందట ఒక్క మాట చెప్తే సాలు. అయ్యిందేదో అయ్యింది, మనసుల పెట్టుకోకున్రి" అన్నడు.

మా ఆయన లేచి కుర్చీ ఏయబోయిండు. నేను కుర్చీని కాలితోని లోపలికి నూకిన.

"సేటు, మా తమ్ముడు తహసీల్ ముందట కూసుంటడు" అన్న. "పోయి ఒక కాగితం రాయించుకో. మొదటి మాటనే క్షమించుమని రాస్తడు, మంచిగ రాస్తడు. సార్‌కు ఇచ్చుకో. గా మాట నాకు చెప్పకు."

వాడు తల వంచుకోని పోయిండు. గా వంగిన తల చూసిన. కడుపు సల్లగయింది.

ఆదివారం చర్చికి పోయినం. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరు గలిసి చెప్తున్నరు. మాకు కీడు చేసినోళ్లను మేము క్షమించినట్టు మమ్మల్ని క్షమించుమని అడిగే కాడికి వచ్చినంక నేను నోరు మూసుకున్న. పక్కన మా ఆయన కండ్లు మూసుకోని, కండ్లెంబడి నీళ్లు కారుకుంట, ఆ మాట చెప్తనే ఉన్నడు. బయటికొచ్చినంక, "నువ్వు చెప్పలేదు గద?" అన్నడు.

"చెప్పలె" అన్న. "చేయని పని చేసిన అని దేవుని ముందట అబద్ధం ఎట్ల చెప్పాలె?"

ఆయన నా చెయ్యి పట్టుకోని రోడ్డు దాటించిండు.